చివరి ప్రతి ఏది?

అందరికీ నమస్కారం. ఇవాళ నేను మాట్లాడబోయేది పుస్తకం గురించి కాదు, దాని వెనక అట్ట మీద ఉండే రచయిత పరిచయం గురించి. మహా అయితే తొంభై మాటలు. రెండు వందల పేజీల కథల కన్నా ఈ తొంభై మాటలే నాకు ఎక్కువ టెన్షన్ పెడతాయి. కథలను దిద్దేది రచయిత, ఎడిటరు. పరిచయాన్ని మాత్రం ఇంటిల్లిపాదీ దిద్దుతారు.

ఈ మధ్య ఒక రిటైర్డ్ టీచరమ్మ కథల సంపుటి నా దగ్గరికొచ్చింది. పేరు చెప్పను, ఆవిడ ఒప్పుకోరు. పరిచయం కోసం ఆవిడ మొదట రాసుకున్నది ఇదీ: ‘1958లో సూర్యాపేట దగ్గర పల్లెలో పుట్టాను. 31 ఏళ్లు సర్కారు బడుల్లో తెలుగు చెప్పాను. 2016లో రిటైరయ్యాక కథలు మొదలుపెట్టాను. ఇది రెండో పుస్తకం.’ చక్కగా ఉంది కదా? నాకు చేరేసరికి దీనికి పద్నాలుగు ప్రతులున్నాయి. కొన్ని వర్డ్ ఫైళ్లు, కొన్ని వాట్సాప్ మెసేజులు, ఎర్ర పెన్నుతో దిద్దిన ప్రూఫుల ఫొటోలు రెండు. ఫైళ్ల పేర్లు మీకు తెలిసినవే: bio_final, bio_final_new, bio_final_new_OK. అందులో OK అని ఉన్నది new కన్నా పాతది!

ఇలాంటప్పుడు అన్నిటికన్నా బాగున్న ప్రతి ఒకటి తీసుకుని దిద్దడం మొదలుపెట్టాలనిపిస్తుంది. అలా చేస్తే పదిహేనో ప్రతి తయారవుతుంది, అంతకుమించి ఒరిగేదేమీ లేదు. నేను ముందు అన్నిటినీ ఒక ఫోల్డర్లో పడేశాను. వాట్సాప్ మెసేజులను కూడా ఒక్కొక్కటీ విడి ఫైలుగా పెట్టాను. ఫోల్డర్లో కనిపించే తేదీని నమ్మొద్దు. వాట్సాప్ నుంచి దింపుకున్న ఫైలుకు మీరు దింపుకున్న రోజే తేదీగా పడుతుంది. వర్డ్‌లో ఫైలు తెరిచి File, అందులో Info చూస్తే చివరిసారి ఎప్పుడు, ఎవరు సేవ్ చేశారో చాలావరకు తెలుస్తుంది. మెసేజుకైతే అది పంపిన తేదీ ఉండనే ఉంది.

తర్వాత ప్రతి ఫైలుకూ కొత్త పేరు పెట్టాను. ఒకటి చూపిస్తాను:

```
07_0819_mundumata_from02.docx
```

ఇది ఏడో ప్రతి, ఆగస్టు 19న వచ్చింది, ముందుమాట రాసినాయన దిద్దారు. చివర from02 అంటే రెండో ప్రతి మీద దిద్దారని. వరస సంఖ్య, తేదీ అందరూ రాస్తారు. ఏ ప్రతి మీద దిద్దారన్నది మాత్రం ఎవరూ రాయరు. నా లెక్కలో మొత్తం పని దాని మీదే నిలుస్తుంది.

ఎందుకో చెప్తాను. టీచరమ్మ రాసిన ‘31 ఏళ్లు’ అన్న మాటను వాళ్లబ్బాయి రెండో ప్రతిలో ‘మూడు దశాబ్దాల పాటు’ అని మార్చాడు. నిండుగా ఉంటుందని. ఆవిడకు నచ్చలేదు, నాలుగో ప్రతిలో మళ్లీ 31 చేశారు. ఏడో ప్రతిలో చూస్తే తిరిగి మూడు దశాబ్దాలే! ‘నేను దిద్దుకున్నది ఆయన కొట్టేశారు, చూడండి’ అని ఆవిడ నొచ్చుకున్నారు. వర్డ్‌లో Review కింద Compare అని ఉంటుంది, రెండు ఫైళ్లిస్తే తేడాలు చూపిస్తుంది. నాలుగునూ ఏడునూ పోల్చి చూశాను. ఆవిడ అన్నదే నిజమన్నట్టుగా తొమ్మిది మార్పులు కనిపించాయి. రెండునూ ఏడునూ పోల్చితే రెండే మార్పులు. పాపం, ఆయనకు అందింది రెండో ప్రతి. 31 అన్న దిద్దుబాటు ఆయన కంటపడనే లేదు, కొట్టేయడం అన్న మాట ఎక్కడిది? ఒకరు తీసేసిన మార్పుకు కారణం అడగాలి. దారిలో జారిపోయిన మార్పునైతే ఎవరినీ అడక్కుండా వెనక్కి తెచ్చుకోవచ్చు. ఈ రెండూ తెర మీద ఒకేలా కనిపిస్తాయి.

తెలుగులో ఈ Compare ఒక్కోసారి పిచ్చి లెక్కలు చెప్తుంది. ‘సాఫ్ట్‌వేర్’ లాంటి మాటల్లో ఫ్‌ట్ దగ్గరో ట్‌వే దగ్గరో కంటికి కనపడని అక్షరమొకటి ఉంటుంది, ఒత్తు పడకుండా ఆపడానికి. దాని కోడ్ U+200C. ఒకరి కీబోర్డు దాన్ని వేస్తుంది, ఇంకొకరిది వేయదు. మాట చూడ్డానికి దాదాపు అదే, అయినా మారిందనే చూపిస్తుంది. పోల్చేముందు Find and Replaceతో ఆ అక్షరాన్ని రెండు కాపీల్లోంచీ తీసేయండి. కాపీల్లో మాత్రమే, అసలు ఫైళ్లలో కాదు. ఇక ఒక ఫైలు యూనికోడ్, ఇంకొకటి యూనికోడ్ కాని పాత అను ఫాంట్లయితే పోల్చడమే కుదరదు, మొత్తం ఎర్రగా వస్తుంది. ముందు యూనికోడ్‌లోకి మార్చుకోవాల్సిందే.

ఇక ఏది ఉంచాలి, ఏది వదలాలి అన్నది. పద్నాలుగిట్లో ఏ ప్రతి మంచిదని నేను చూడను. వాక్యానికో కాగితం తీసుకుని, ఆ వాక్యం పుట్టినప్పటి నుంచి ఎలా మారిందో వరసగా రాస్తాను. ఉద్యోగం గురించిన వాక్యం కాగితం ఇలా తేలింది: 31 ఏళ్లు, మూడు దశాబ్దాలు, 30 ఏళ్లు, చివరికి ‘1986లో ఉద్యోగంలో చేరి’. ఈ 1986 ఎక్కడ్నుంచి వచ్చింది? తొమ్మిదో ప్రతిలో మొదటిసారి కనిపిస్తుంది. అది ఏడో ప్రతి నుంచి సాగిన వరసలోదే. దశాబ్దాలు అన్న మాట పాతగా ఉందని ఎవరో 30 చేశారు, తర్వాత 2016లోంచి 30 తీసేశారు. ఆవిడ సర్వీసు రిజిస్టరులో ఉన్నది 1985. సొగసు కోసం చేసిన ఒక మార్పు మూడు చేతులు దాటేసరికి లేని సంవత్సరాన్ని కనింది. అందుకే సంఖ్య కనిపిస్తే, అది మొదట ఎవరి చేతిలో కనిపించిందో చూస్తాను. టీచరమ్మ చేతిలోంచి రాకపోతే రుజువుగా కాగితం అడుగుతాను.

జిల్లా దగ్గర మరో గొడవ. ఒకరు నల్గొండ జిల్లా అని రాస్తారు, ఇంకొకరు సూర్యాపేట చేస్తారు. నాలుగు ప్రతుల్లో ఇదే ఊగులాట. ఇద్దరిదీ తప్పు కాదు. ఆవిడ పుట్టినప్పుడు అది నల్గొండ జిల్లా, సూర్యాపేట జిల్లా ఏర్పడింది 2016 అక్టోబరులో. ఒక మార్పు మాటిమాటికీ అటూ ఇటూ తిరుగుతుంటే, రెండింట్లో ఒకటి ఎంచడం కన్నా వాక్యాన్నే మార్చడం మేలు. ‘నేటి సూర్యాపేట జిల్లాలో’ అని పెట్టాం, గొడవ ఆగింది.

‘ప్రముఖ కథా రచయిత్రి’ మూడుసార్లు వచ్చింది, మూడుసార్లూ కొట్టేశాం. రెండోసారికే నాకు బుద్ధొచ్చి ఉండాల్సింది. ఉంచిన మార్పులతో పాటు వద్దన్న మార్పులు కూడా ఒక పేజీలో రాసి అందరికీ పంపాలి: ‘ప్రముఖ: వద్దు, రచయిత్రి ఒప్పుకోలేదు, ఆగస్టు 21’. అది పంపాక నాలుగోసారి రాలేదు. ఇష్టాయిష్టాల దగ్గర ఆఖరి మాట ఎవరి గురించి రాశామో వాళ్లదే. నాకు ‘సర్కారు బడుల్లో తెలుగు చెప్పాను’ అన్నదే ఇష్టం. ఆవిడ మాత్రం ‘ప్రభుత్వ పాఠశాలల్లో’ అని ఉండాలన్నారు. సరే అన్నాను, ఇప్పటికీ మనసొప్పదు.

ప్రెస్సుకు వెళ్లాక కూడా ఒక మార్పు జరిగింది. అట్ట మీద రెండు లైన్లు ఎక్కువయ్యాయని డీటీపీ చేసే అబ్బాయి పేజీలోనే కుదించాడు. బాగానే కుదించాడు. కానీ ఆ మార్పు అను ఫాంట్లలో, అతని కంప్యూటర్లోనే ఉండిపోయింది, మా వర్డ్ ఫైలుకు రాలేదు. ఆర్నెల్ల తర్వాత ఒక సభవాళ్లు పరిచయం అడిగితే టీచరమ్మ పంపింది మా ఫైలు. అచ్చయినదొకటి, సభలో చదివిందొకటి. అప్పట్నుంచి పుస్తకం అచ్చుకు వెళ్లిన రోజే ప్రూఫు చూస్తూ ఆ తొంభై మాటలనూ నేనే మళ్లీ యూనికోడ్‌లో టైపు చేసుకుంటున్నాను. పావుగంట పని. దాని పేరు 15_acchu_from14.