సొంత షెడ్డు తీసిన మొదటి ఏడాది: మెంటర్‌ని ఎలా వెతకాలి, ఏ అసోసియేషన్‌లో ముందు చేరాలి

[దృశ్యం: బాలానగర్‌లో ఒక చిన్న షెడ్డు. లోపల ఒకే ఒక్క సీఎన్‌సీ టర్నింగ్ మిషన్, పక్కన ట్రేలలో పూర్తయిన బుష్‌లు. మిషన్ పక్కనే స్టూలు మీద ఒక నోట్‌బుక్.]

వాయిస్: ఈ షెడ్డు ఓనర్ పదేళ్లు ఇంకొకరి దగ్గర ఆపరేటర్‌గా చేసి, లోన్ మీద మిషన్ తెచ్చుకున్నాడని అనుకుందాం. పని బాగా వచ్చు. కస్టమర్లు ఇద్దరున్నారు, మిషన్ ఖాళీగా లేదు. అయినా నెలాఖరుకి చేతిలో డబ్బు మిగలడం లేదు. ఇప్పుడు ఆయన ముందు రెండు ఆలోచనలు ఉన్నాయి: అనుభవం ఉన్న ఎవరినైనా అడగాలి, ఏదైనా అసోసియేషన్‌లో చేరాలి. రెండూ సరైనవే. కానీ ఆ రెండూ చేసే పని ఒకటి కాదు. మీ లెక్కల్లో తప్పు ఎక్కడుందో చూపించేది మెంటర్. ఒక్కరుగా మోయలేని సమస్యని, అంటే వీధిలైట్లో, కరెంటు కోతలో, మొండి బకాయో, పదిమందితో కలిసి మోసేది అసోసియేషన్. ఒకదాని పని రెండోదాన్ని అడిగితే ఏడాది వృథా అవుతుంది.

[స్క్రీన్‌పై: ముందు ప్రశ్న. తర్వాత మనిషి.]

వాయిస్: మెంటర్‌ని వెతికే ముందు, మీకు తెలియనిది ఏమిటో ఒక్క వాక్యంలో రాసుకోండి. "బిజినెస్ పెంచుకోవడానికి సలహా కావాలి" అని అడిగితే ఎవరైనా రెండు మంచి మాటలు చెప్పి పంపిస్తారు. "గంటకి 500 తీసుకుంటున్నా, డబ్బు ఎందుకు మిగలట్లేదు" అని అడిగితే ఆ మనిషి కుర్చీ దగ్గరికి జరుపుకుంటాడు.

ఇక ఎవరిని అడగాలి? మీలాంటి పనే చేస్తూ, మీ కస్టమర్లకే సప్లై చేసే పక్క షెడ్డు ఓనర్‌ని అడగొద్దు. ఆయన మంచివాడే కావచ్చు. కానీ మీ రేటు ఆయనకి తెలిస్తే ఇద్దరికీ ఇబ్బంది. అదే పరిశ్రమలో మీ పనికి ఒక మెట్టు పైనో, కిందో ఉన్నవాళ్లని చూడండి. పెద్ద కంపెనీలో వెండర్ డెవలప్‌మెంట్ చూసి రిటైరైన ఇంజనీర్, పదిహేనేళ్లుగా షెడ్లన్నీ తిరిగి ఇన్సర్ట్‌లు అమ్ముతున్న టూల్స్ డీలర్, మీలాగే ఒక్క మిషన్‌తో మొదలుపెట్టి ఇప్పుడు వేరే రకం పార్ట్‌లు చేస్తున్న ఓనర్. హైదరాబాద్‌లో ఈ విషయంలో ఒక అదృష్టం ఉంది. హెచ్ఎంటీ, హెచ్ఏఎల్, బీహెచ్ఈఎల్, ప్రాగా టూల్స్ లాంటి చోట్ల జీవితమంతా మిషన్ల మధ్య గడిపి రిటైరైనవాళ్లు ఈ చుట్టుపక్కలే ఉంటారు. బాలానగర్‌లోనే ఉన్న సీఐటీడీ, అంటే 1968లో పెట్టిన టూల్ డిజైన్ సంస్థ, ఫ్యాకల్టీని కలిసినా దారి దొరుకుతుంది. ఆడవాళ్లు ఓనర్లయితే 1993లో మొదలైన మహిళా పారిశ్రామికవేత్తల సంఘం ఎలీప్‌ని కలవచ్చు. గాజులరామారంలో మహిళల కోసమే ఒక పారిశ్రామికవాడ వచ్చింది వాళ్ల వల్లే.

[దృశ్యం: ఫోన్ స్క్రీన్ మీద మెసేజ్ టైప్ అవుతుంది.]

వాయిస్: మొదటి మెసేజ్ ఇలా ఉంటే చాలు.

"నమస్తే సార్. బాలానగర్‌లో ఒక్క సీఎన్‌సీ మిషన్‌తో జాబ్ వర్క్ చేస్తున్నాను, ఎనిమిది నెలలైంది. మీ నంబరు టూల్స్ డీలర్ గారు ఇచ్చారు. నా గంట రేటు సరిగ్గా వేసుకుంటున్నానో లేదో మీకు ఒకసారి చూపించాలని ఉంది. లెక్క కాగితం మీద రాసి తెస్తాను. అరగంట చాలు సార్. మీకు వీలైన రోజు, చోటు చెబితే అక్కడికే వస్తాను."

ఇందులో "నాకు మెంటర్‌గా ఉండండి" అన్న మాట లేదు. ముక్కూ మొహం తెలియని మనిషిని అలా అడిగితే అది బరువుగా అనిపిస్తుంది, తప్పించుకోవాలని చూస్తారు. అరగంట ఇవ్వడానికి మాత్రం చాలామంది ఒప్పుకుంటారు.

[స్క్రీన్‌పై: ఒక తెల్లకాగితం. చేత్తో రాసిన అంకెలు ఒక్కొక్కటిగా కనిపిస్తాయి.]

వాయిస్: ఇప్పుడు ఆ అరగంటలో ఏం జరుగుతుందో చూద్దాం. ఇవి ఉదాహరణ కోసం వేసిన అంకెలు, మీవి వేరుగా ఉంటాయి. ఓనర్ తెచ్చిన కాగితం మీద ఈఎంఐ 35,000, షెడ్డు అద్దె 15,000, ఆపరేటర్ జీతం 22,000, కరెంటు 12,000, ఇన్సర్ట్‌లు, కూలెంట్, ఆయిల్ కలిపి 9,000 ఉన్నాయి. మొత్తం నెలకి 93,000. నెలకి 26 రోజులు, రోజుకి 8 గంటలు, అంటే 208 గంటలు. భాగిస్తే గంటకి 447 రూపాయలు. 500 తీసుకుంటున్నా కాబట్టి గంటకి 50 మిగలాలి కదా అన్నది ఆయన వాదన.

పని తెలిసిన మెంటర్ ఆ కాగితం చూడగానే రెండు ప్రశ్నలు వేస్తాడు. మొదటిది: "నీ జీతం ఏదయ్యా?" ఓనర్ ఇంటికి తీసుకెళ్లే 25,000 కాగితం మీద లేదు. రిపేర్లకి పక్కన పెట్టాల్సిన 5,000, అకౌంటెంట్‌కి ఇచ్చే 3,000 కూడా లేవు. అవి కలిపితే ఖర్చు 1,26,000. రెండోది ఇంకా ముఖ్యం: "మిషన్ నిజంగా ఎన్ని గంటలు కటింగ్ చేసింది?" ఈ ప్రశ్నకి ఓనర్ దగ్గర జవాబు ఉండదు. అందుకే మొదటి మీటింగ్ అక్కడితో ఆగిపోతుంది. ఆగిపోవాలి కూడా. ఒక నెలపాటు మిషన్ పక్కన నోట్‌బుక్ పెట్టి, ఎప్పుడు ఆగింది, ఎందుకు ఆగింది రాయమని చెప్పి పంపిస్తాడు.

[దృశ్యం: నోట్‌బుక్ పేజీ దగ్గరగా. "10:20 సెట్టింగ్ మార్పు. 11:45 మొదటి పీస్ చెకింగ్. 2:10 మెటీరియల్ రాలేదు."]

వాయిస్: నెల తర్వాత లెక్క కడితే కటింగ్ 140 గంటలే తేలిందనుకుందాం. మిగతా 68 గంటలు సెట్టింగ్ మార్చడానికి, మొదటి పీస్ ఓకే కోసం ఎదురుచూడ్డానికి, మెటీరియల్ రాక, ఆపరేటర్ సెలవు పెట్టి పోయాయి. ఇప్పుడు 1,26,000ని 140తో భాగించండి. గంటకి 900. ఆయన అమ్ముతున్నది 500కి. డబ్బు ఎటు పోతోందో తెలిసిపోయింది.

వెంటనే తట్టే ఉపాయం రెండో షిఫ్ట్. దాన్నీ కాగితం మీదే తేల్చాలి. ఇంకో ఆపరేటర్, పెరిగిన కరెంటు, ఇన్సర్ట్‌లు, రిపేర్లు కలిపి ఖర్చు 1,68,000 అయి, కటింగ్ 290 గంటలకి పెరిగితే గంటకి దాదాపు 580. అంటే 500 రేటు మీద రెండు షిఫ్టులు నడిపినా నష్టమే. అందుకని మెంటర్ చెప్పే మాట వేరేగా ఉంటుంది: ఇరవై, ముప్ఫై పీసుల చిన్న ఆర్డర్లకి సెట్టింగ్ చార్జి విడిగా వెయ్యి, పెద్ద బ్యాచ్ ఇచ్చే కస్టమర్‌ని వెతుకు, రెండో షిఫ్ట్ సంగతి ఆ తర్వాత. ఈ మాట పుస్తకంలో దొరకదు, మీ నోట్‌బుక్ చూసినవాళ్లే చెప్పగలరు.

పది రోజుల్లో ఆయనకి తిరిగి ఒక మెసేజ్ పెట్టండి: చెప్పినదాంట్లో ఏం చేశారు, కస్టమర్ ఏమన్నాడు. మెంటర్‌షిప్ నిలబడేది దీనివల్లే. సలహా తీసుకుని మాయమైనవాళ్లకి రెండో అరగంట దొరకదు.

కొన్ని గుర్తులు కనిపిస్తే మాత్రం మర్యాదగా పక్కకి తప్పుకోండి. ప్రతి సలహా చివర ఒకే డీలర్ దగ్గర కొనమనడం, రెండో మీటింగ్‌లోనే వాటా అడగడం, తన లోన్‌కి మిమ్మల్ని హామీ సంతకం పెట్టమనడం. ఇంకో జాగ్రత్త మీ వైపు నుంచి. కస్టమర్ డ్రాయింగ్ ఎవరికీ చూపించొద్దు, వాట్సాప్ గ్రూపులో అసలే పెట్టొద్దు. "ఈ పార్ట్ ఎలా చెయ్యాలి అన్నా" అని డ్రాయింగ్ ఫొటో పెడితే కస్టమర్‌కి ఇచ్చిన మాట తప్పినట్టు. అదే గ్రూపులో మీ పోటీదారు కూడా ఉంటాడు. సైజులు, కంపెనీ పేరు తీసేసి, సమస్య మాత్రమే మాటల్లో అడగండి.

[స్క్రీన్‌పై: ఏ అసోసియేషన్ ముందు?]

వాయిస్: ఇప్పుడు అసోసియేషన్ సంగతి. మొదట చేరాల్సింది మీ షెడ్డు ఉన్న ఎస్టేట్ అసోసియేషన్‌లో. ఫీజు సాధారణంగా తక్కువ, ఆఫీసు నడిచి వెళ్లే దూరం. ట్రాన్స్‌ఫార్మర్ కాలినా, డ్రైనేజీ పొంగినా సంబంధిత ఆఫీసుకి వెళ్లేది వాళ్లే. నిజానికి మెంటర్ దొరికేది కూడా ఎక్కువగా ఆ ఆఫీసు బెంచీ మీదే. రాష్ట్రస్థాయి చాంబర్, అంటే రెడ్‌హిల్స్‌లో ఉన్న ఎఫ్‌టీసీసీఐ లాంటిది, 1917 నుంచి ఉన్న పెద్ద సంస్థ. పాలసీ, పన్నులు, ఎగుమతుల విషయాలు అక్కడ తెలుస్తాయి. ఒక్క మిషన్ ఉన్న మొదటి ఏడాది సభ్యత్వం లేకపోయినా, బయటివాళ్లని రానిచ్చే సెమినార్లకి వెళ్తే సరిపోతుంది.

బీఎన్ఐ లాంటి రెఫరల్ సర్కిల్స్ ఇంకో రకం. వారం వారం మీటింగ్, ఒక చాప్టర్‌లో ఒక వృత్తికి ఒక్కరే సభ్యులు, ఒకరికొకరు కస్టమర్లని పంపుకుంటారు. ఇంటీరియర్స్, ఇన్సూరెన్స్, ప్రింటింగ్ లాంటి పనులకి అది బాగా కుదురుతుంది. జాబ్ వర్క్ షెడ్డుకి ఆర్డర్ ఇచ్చేది కంపెనీ పర్చేజ్ విభాగం, ఆ మనిషి ఆ గదిలో ఉంటాడా అన్నది ముందు చూసుకోవాలి. అతిథిగా వెళ్లి కూర్చోండి, సభ్యుల జాబితా చదవండి. సభ్యత్వ రుసుమొక్కటే ఖర్చు అనుకోవద్దు. మీటింగ్, ప్రయాణం కలిపి వారానికి 3 గంటలు అనుకుంటే ఏడాదికి 140 గంటలు దాటుతుంది. పైన చూసిన లెక్కలో అది మీ మిషన్ ఒక నెలంతా కటింగ్ చేసిన సమయం.

ఏ సంఘానికైనా డబ్బు కట్టే ముందు ఆఫీసులో మూడు అడగండి: నియమావళి, పోయిన ఏడాది ఆడిట్ అయిన లెక్కలు, గత ఆరు నెలల్లో సభ్యులకి పంపిన సర్క్యులర్లు. సర్క్యులర్లలో సన్మానాలు, శుభాకాంక్షలే ఉంటే అక్కడ మీ పని జరగదు. కరెంటు టారిఫ్ మీద రాసిన లేఖ, దానికి వచ్చిన జవాబు కనిపిస్తే ఆ సంఘం బతికున్నట్టే.

[దృశ్యం: టేబుల్ మీద ఇన్‌వాయిస్‌లు, ఒకదానిపై ఎర్ర పెన్నుతో "92 రోజులు".]

వాయిస్: సంఘం విలువ బాగా తెలిసేది బకాయి దగ్గర. ఎంఎస్ఎంఈ చట్టం, 2006 ప్రకారం చిన్న సంస్థ నుంచి సరుకు కొన్నవాళ్లు, రాతపూర్వక ఒప్పందం లేకపోతే 15 రోజుల్లో, ఉన్నా గరిష్ఠంగా 45 రోజుల్లో డబ్బు కట్టాలి. దాటితే ఆర్‌బీఐ బ్యాంక్ రేటుకి మూడు రెట్ల వడ్డీ, అదీ నెలనెలా చక్రవడ్డీ. కట్టకపోతే, ఇలాంటి బకాయిల కోసమే ప్రభుత్వం పెట్టిన ఫెసిలిటేషన్ కౌన్సిల్‌లో కేసు వెయ్యొచ్చు. దీనికి ఉద్యమ్ రిజిస్ట్రేషన్, అంటే చిన్న సంస్థగా ప్రభుత్వం దగ్గర నమోదు కావాలి. అది udyamregistration.gov.in లో పూర్తిగా ఉచితం, డబ్బు అడిగే సైట్లు వేరే ఎవరివో. సరుకు పంపాక తీసుకుంటే పాత బిల్లుల మీద చిక్కులొస్తాయి, కాబట్టి మొదటి ఇన్‌వాయిస్ కంటే ముందే తీసుకోండి.

చట్టం ఉంది కదా అని నేరుగా కేసు వేస్తే, ఉన్న రెండు కస్టమర్లలో ఒకటి పోవచ్చు. ఇక్కడే ఎస్టేట్ అసోసియేషన్ సెక్రటరీ పనికొస్తారు. అదే కంపెనీ ఇంకెంతమంది సభ్యులకి బాకీ ఉందో ఆయనకి తెలుస్తుంది. అయిదుగురి బిల్లులు కలిపి సంఘం లెటర్‌హెడ్ మీద ఒక లేఖ వెళ్తే, ఏ ఒక్కరి పేరూ ముందుకి రాదు. దానికీ కదలకపోతే అప్పుడు కౌన్సిల్. ఆ రోజు కోసం పర్చేజ్ ఆర్డర్, ఇన్‌వాయిస్, సరుకు అందినట్టు సంతకం ఉన్న డెలివరీ చలాన్, ఈ మూడూ ప్రతి ఆర్డర్‌కీ ఒకే ఫైల్‌లో కుట్టి పెట్టుకోండి. చలాన్ మీద కంపెనీ స్టోర్స్ ముద్ర, తేదీ ఉన్నాయో లేదో ఆటో వెనక్కి రాగానే చూసుకోండి, ఎందుకంటే ఆ 15 రోజుల లెక్క మొదలయ్యేది ఆ తేదీ నుంచే.