పంది మాంసంలో తిత్తులు: నిప్పు ఎంత, ఫ్రీజర్ ఎంత

అందరికీ నమస్కారం. ఈ రోజు మన కడపలో పంది మాంసం కోసేవాళ్లూ, వండేవాళ్లూ ఎక్కువమంది వచ్చారు కాబట్టి నేరుగా మాంసం ముక్క దగ్గరే మొదలుపెడతాను.

కోసిన కండలో నానిన సగ్గుబియ్యం గింజలా ఒక బుడగ కనిపించిందనుకోండి. అర సెంటీమీటరు నుంచి సెంటీమీటరు దాకా పొడవు, పల్చటి పొర, లోపల నీరు, మధ్యలో తెల్లటి చుక్క. అదే బద్దెపురుగు పిల్ల దాక్కున్న తిత్తి. ఆ తెల్ల చుక్కే పురుగు తల. ఇవి నాలుక, దవడ కండ, భుజం, తొడ, గుండెల్లో ఎక్కువగా ఉంటాయి. కొవ్వు గింజ అయితే గోటితో నొక్కితే జిడ్డుగా నలుగుతుంది, తిత్తి అయితే పగిలి నీరొస్తుంది. పందిలో తిత్తులు కొద్దిగానే ఉంటే కంటికి చిక్కవు. అందుకని ‘చూసే కొన్నాం’ అన్న మాట మీద భరోసా పెట్టుకోవద్దు.

పచ్చిగానో అరకొరగానో ఉడికిన తిత్తి కడుపులోకి పోతే దాదాపు రెండు నెలల్లో పేగులో బద్దెపురుగుగా ఎదుగుతుంది. మెదడులో తిత్తులు, వాటివల్ల వచ్చే ఫిట్స్ మాత్రం మాంసం నుంచి నేరుగా రావు. పేగులో పురుగున్న మనిషి మలంలో గుడ్లు పోతాయి. చేతులు కడుక్కోకుండా అతను వండితే, లేదా ఆ మలం నీళ్లలో, ఆకుకూరల్లో కలిస్తే గుడ్లు మన నోట్లోకి చేరి తిత్తులవుతాయి. మాంసం ముట్టనివాళ్లకు కూడా ఈ జబ్బు రావడం అందుకే. ఆరుబయట మలం తిన్న పందికీ ఇలాగే అంటుతుంది.

ఇక వంట. ముక్క నడిమధ్య వేడి 63 డిగ్రీల సెల్సియస్ చేరి, దించాక మూడు నిమిషాలు ఆగితే చాలు. కైమాకైతే 71 డిగ్రీలు కావాలి. కూరముక్కలు మూడు సెంటీమీటర్లకు మించకుండా కోసి, పులుసు తెర్లాక అరగంట ఉడకనిస్తే ఈ లెక్క ఎప్పుడో దాటిపోతుంది. కుక్కర్‌లో అయితే చెప్పేదే లేదు. ఇబ్బంది వచ్చేది నిప్పుల మీద కాల్చే పెద్ద ముక్కతో. పైన మాడుతుంది, లోపల గోరువెచ్చగానే ఉంటుంది. రంగు చూసి ఉడికిందనుకోవడం నమ్మదగ్గ పద్ధతి కాదు. మొన గల థర్మామీటర్‌ను ఎముకకు తగలకుండా దళసరి చోట గుచ్చి చూడండి. అది లేకపోతే పెద్ద ముక్కను కాల్చకండి, చిన్నవిగా కోసి ఉడికించండి. ఉప్పు, కారం, నిమ్మరసం పట్టించి పెట్టినంత మాత్రాన తిత్తి చచ్చిందని అనుకోలేం.

ఫ్రిజ్ కింది అర కూడా పనికిరాదు, ఆ చలిలో తిత్తి బతికే ఉంటుంది. గడ్డకట్టించాలి. మైనస్ 5 డిగ్రీల్లో నాలుగు రోజులు, మైనస్ 15లో మూడు రోజులు, మైనస్ 24లో ఒక్క రోజు చాలు. ఈ రోజుల లెక్క ముక్క మధ్య భాగం ఆ చలికి చేరాకే మొదలవుతుంది. రెండు కేజీలు ఒకే ముద్దగా సంచిలో పెడితే పైన రాయిలా ఉన్నా లోపల గడ్డకట్టడానికి చాలా సేపు పడుతుంది. అదే మాంసాన్ని అర కేజీ పొట్లాలుగా మూడు నాలుగు సెంటీమీటర్ల మందంలో పరిచి, ఒకదాని మీద ఒకటి వేయకుండా పెట్టండి. ఇంటి ఫ్రీజర్ ఎంత చల్లగా ఉందో నమ్మకం లేదు, మన ఎండాకాలంలో కరెంటు పోవడమూ మామూలే. కాబట్టి ఒక చిన్న ఫ్రీజర్ థర్మామీటర్ కొనుక్కుని, పొట్లం మీద తేదీ రాసి, వారం రోజులు ఉంచడం మేలు. మధ్యలో కరిగితే లెక్క మళ్లీ మొదటి నుంచి.

పందిలో ఉండే గుండ్రటి పురుగు ట్రైకినెల్లా ఇంకొంచెం మొండిది. అది కంటికి కనపడదు. పదిహేను సెంటీమీటర్లలోపు మందం ముక్కకు మైనస్ 15లో ఇరవై రోజులు ఉంచాలని అమెరికా వ్యవసాయ శాఖ చెబుతుంది. అడవి జంతువుల్లో చలికి తట్టుకునే రకాలున్నాయి కనుక వాటి మాంసానికి ఫ్రీజర్ చాలదు, ఉడికించాల్సిందే.

చేప గురించి రెండు మాటలు. మన పులుసులో ఆ భయం లేదు. పచ్చి చేప తినే హోటళ్లలో సముద్రపు చేపతో అనిసాకిస్ అనే పురుగు రావచ్చు. పచ్చిగా వడ్డించే చేపను మైనస్ 20లో ఏడు రోజులు, లేదా మైనస్ 35లో గడ్డకట్టాక పదిహేను గంటలు ఉంచాలి. వెనిగర్‌లో నానబెట్టడం సరిపోదు.

తిత్తి కనపడితే దాన్ని గిల్లి పారేసి మిగతాది అమ్మకండి. ఆ పంది మాంసం మొత్తం పక్కన పెట్టి లోతుగా పాతిపెట్టండి. పంది ఏ ఊరు నుంచి వచ్చిందో అడగండి. అక్కడ ఎవరి పేగులోనో బద్దెపురుగు ఉంది. మలంలో తెల్లటి చదునైన ముక్కలు పోయేవాళ్లు ఉంటే ప్రాథమిక ఆరోగ్య కేంద్రానికి పంపండి. మాత్రలు సొంతంగా వేసుకోవద్దు. మెదడులో తిత్తులున్న మనిషికి కొన్ని మందులు ఫిట్స్ తెప్పిస్తాయి, డాక్టరు అడిగి చూసే మందిస్తారు.