నాలుగో రోజుకే తేలిన రంగు
(బ్యూటీ పార్లర్ నిర్వాహకుల సమావేశంలో ఒక చర్మవైద్యురాలి ప్రసంగ పాఠం)

అందరికీ నమస్కారం. నన్ను పిలిచినప్పుడు మీ సంఘం వారు, "రంగు పిచ్చి తప్పని గట్టిగా చెప్పండి మేడమ్" అన్నారు. ఆ పని నేను చేయను. నాకు సంబంధాలు చూస్తున్న రోజుల్లో మా అమ్మ నా ఫొటోను స్టూడియో ఆయన చేత కాస్త రంగు తేల్చి ప్రింటు వేయించింది. అలాంటి ఇంట్లో పెరిగిన మనిషిని, ఇంకొకరికి నీతులు చెప్పలేను. ఇవాళ నేను చెప్పబోయేది ఒక ట్యూబు గురించి, ఒక డబ్బా గురించి.

రంగు తేల్చే ఈ క్రీములను జనం ఎందుకు వదలరు? పనిచేస్తాయి కాబట్టి. డాక్టర్లు పైకి అనని మాట ఇది. మోసమైతే పదిరోజుల్లో తెలిసిపోయేది. ఇక్కడ చిక్కంతా అవి పనిచేయడంలోనే ఉంది.

నా దగ్గరకు వచ్చిన ఒక అమ్మాయి సంగతి చెబుతాను. ఎవరో పోల్చుకోకుండా కొన్ని వివరాలు మార్చాను. ఆమెకు ఇరవై రెండేళ్లు. పెళ్లిచూపులు పది రోజులున్నాయనగా మేనత్త బీరువాలోంచి ఒక ట్యూబు తీసి ఇచ్చింది. మేనత్తకు ఎప్పుడో మోచేతి దురదకు మెడికల్ షాపులో ఇచ్చిన బెటామెథాసోన్ అనే స్టెరాయిడ్ పూతమందు అది. రాత్రి పడుకునే ముందు శనగగింజంత రాసుకునేది. నాలుగో రోజుకే రంగు తేలింది. మొటిమల ఎరుపు కూడా అణిగింది. సంబంధం ఖాయమైంది. ఇక ఆ ట్యూబు మహిమను ఎవరు కాదంటారు?

జరిగింది ఇది. స్టెరాయిడ్ చర్మంలోని సన్నటి రక్తనాళాలను ముడుచుకునేలా చేస్తుంది. రక్తం తగ్గిన చోట చర్మం పాలిపోతుంది. 1960ల నుంచీ స్టెరాయిడ్ పూతమందుల బలాన్ని కొలిచే పద్ధతుల్లో ఒకటి ఏమిటంటే, ముంజేతి మీద రాసి ఎంత తెల్లబడిందో చూడటం. ఎంత పాలిపోతే అంత తీవ్రమైన మందన్నమాట. అత్తవారు చూసి మెచ్చుకున్న నిగారింపు మాకు మందు బలానికి కొలబద్ద. ఆ తర్వాత వారాల మీద రంగునిచ్చే కణాల పని కూడా మందగిస్తుంది.

పెళ్లయ్యాక ఆ అమ్మాయి ట్యూబు మానేసింది. మూడో రోజుకు ముఖం కందగడ్డలా అయింది. మంట, దురద, పొక్కులు. ఇన్నాళ్లు బలవంతంగా ముడుచుకున్న రక్తనాళాలు పట్టు వదలగానే ఉబ్బుతాయి. భయపడి మళ్లీ రాసింది, సాయంత్రానికి సర్దుకుంది. ఆమె స్థానంలో ఎవరున్నా ఏమనుకుంటారు? "ఈ క్రీము లేకపోతే నా ముఖం ఇంతే, ఇదే కాపాడుతోంది" అనుకుంటారు. గాయం చేసినదే మందులా కనిపిస్తుంది. సంవత్సరాల తరబడి వాడేవారిని తెలివితక్కువవారని అనకండి. వారు కళ్లతో చూసినదాన్నే నమ్ముతున్నారు.

నా దగ్గరకు వచ్చేసరికి పదకొండు నెలలైంది. గ్యాస్ పొయ్యి ముందు నిలబడలేకపోతోంది. బుగ్గల మీద ఎర్రదారాల్లాంటి నరాలు, గడ్డం కింద నూగు, నుదుటి మీద ఒకే పరిమాణంలో మొటిమలు. చర్మం ఉల్లిపొర అంత పలచన. దీనికి మన దేశపు వైద్యులే 2008లో 'స్టెరాయిడ్‌తో దెబ్బతిన్న ముఖం' అని పేరు పెట్టారు. 2011లో అచ్చయిన ఒక అధ్యయనంలో, దేశంలోని పలు ఆసుపత్రుల్లో ముఖచర్మ సమస్యలతో వచ్చిన 2,926 మందిని పరిశీలిస్తే 433 మంది ముఖానికి స్టెరాయిడ్ రాస్తున్నారు. వారిలో సగానికి పైగా డాక్టరు కాని వారి మాట మీదే మొదలుపెట్టారు. ఆ డాక్టరు కాని వారిలో బంధువులున్నారు, షాపులవారున్నారు, పార్లర్లవారూ ఉన్నారు. కోపగించుకోకండి, నా చదువున్న డాక్టర్లు రాసిన చీటీలనే జనం ఏళ్ల తరబడి మళ్లీ మళ్లీ చూపించి కొనుక్కున్న సందర్భాలూ తక్కువేమీ కాదు.

ఆమెకు ఒక్కసారిగా ఆపించలేదు. బలం తక్కువ మందుకు మార్చి, రోజు మార్చి రోజు చేసి, స్టెరాయిడ్ కాని పూతమందు మొదలుపెట్టి దింపుకుంటూ వచ్చాం. మొదటి మూడు వారాలు నరకమే. నాలుగుసార్లు ఫోను చేసి ఏడ్చింది. ఎనిమిది నెలలకు మంట పోయింది. ఎర్రదారాలు పూర్తిగా పోలేదు.

మంగుకు వాడే మూడు మందుల కలయిక గురించి చాలామంది అడుగుతారు. హైడ్రోక్వినోన్, ట్రెటినాయిన్, వాటికి తోడు స్టెరాయిడ్. అది డాక్టరు పర్యవేక్షణలో కొద్ది వారాలకు రాసే మందు. దాన్ని కోల్డ్ క్రీములో కలిపి 'నైట్ క్రీము' అని చిన్న డబ్బాల్లో ఇచ్చే పద్ధతి మీలో కొందరికి తెలుసు. ఎవరని నేను అడగను. 2018 మార్చిలో కేంద్రం పద్నాలుగు స్టెరాయిడ్ పూతమందులను చీటీ ఉంటేనే అమ్మాల్సిన జాబితాలో చేర్చింది. ఎంతవరకు అమలవుతోందో మన వీధి చివరి షాపుకు వెళితే తెలుస్తుంది.

ఇక డబ్బా సంగతి. ట్యూబు మీద కనీసం మందు పేరుంటుంది. పాదరసం ఉన్న క్రీము డబ్బా మీద అదీ ఉండదు. చర్మానికి రంగునిచ్చే మెలనిన్ తయారవడానికి రాగి అవసరమైన ఒక ఎంజైము ఉంది. పాదరసం దాన్ని పనిచేయనివ్వదు, అందుకే రంగు తగ్గుతుంది. అయితే అది చర్మం దగ్గర ఆగదు, రక్తంలోకి వెళ్లి మూత్రపిండాల్లో చేరుతుంది.

కేరళ మలప్పురం జిల్లా కొట్టక్కల్‌లో కిడ్నీ వైద్యులకు ఒక వింత ఎదురైంది. కాళ్ల వాపులు, మూత్రంలో విపరీతంగా ప్రొటీన్. 2021 జులై నుంచి 2023 సెప్టెంబరు దాకా కిడ్నీ వడపోత పొర దెబ్బతిన్న ఒక రకం జబ్బుతో 22 మంది వచ్చారు. ముక్క తీసి పరీక్షిస్తే 15 మందిలో నెల్-1 అనే అరుదైన రకం బయటపడింది. అది కొందరిలో క్యాన్సరుకు తోడుగా కనిపించే రకం కాబట్టి వైద్యులకు మొదట ఆ అనుమానం రావడం సహజం. ఆరా తీస్తే ఆ 15 మందిలో 13 మంది తెల్లబరిచే క్రీములు వాడినవారే. క్రీము ఆపాక చాలామంది కోలుకున్నారు. 2024లో ఇది అంతర్జాతీయ కిడ్నీ వైద్య పత్రికలో అచ్చయింది. కిడ్నీ జబ్బుకు ముఖానికి రాసే క్రీము కారణమని ఏ రోగి అయినా తనంతట తాను ఎందుకు చెబుతారు? అడిగితేనే బయటపడుతుంది.

మీరు ఇంకో సంగతి గమనించాలి. రాయించుకునే ఆమె రోజుకు ఒకసారి ముఖానికి రాసుకుంటే, మీరు రోజుకు పదిమందికి అరచేతులతో రాస్తారు. పాదరసం చర్మం గుండా వెళుతుంది, ఆవిరిగా మారి గాలిలోనూ కలుస్తుంది. తువ్వాళ్లకు, దిండు గలీబులకు అంటుతుంది, వాటి మీద మీ పిల్లలు పడుకుంటారు. చేతులు వణకడం, నిద్ర పట్టకపోవడం, చిన్నదానికే చిరాకు, మూత్రంలో నురగ నిలిచిపోవడం, ఉదయం లేవగానే కళ్ల కింద ఉబ్బు కనిపిస్తే పని ఒత్తిడని సరిపెట్టుకోకండి. మూత్రంలో ప్రొటీన్ పరీక్ష చేయించండి. క్రీము వాడినట్టు డాక్టరుకు చెబితే మూత్రంలో పాదరసం పరీక్ష కూడా రాస్తారు.

కంటితో చూసి పాదరసం కనిపెట్టలేం. కానీ అనుమానానికి చోటిచ్చే గుర్తులున్నాయి. తయారీదారు చిరునామా, పదార్థాల జాబితా ఉండవు. కొన్నిటి మీద, బంగారం, వెండి నగలకు తగలనివ్వవద్దని రాసి ఉంటుంది. ముఖానికి రాసే క్రీముకు నగలతో పనేమిటి? పాదరసం బంగారంలో కలిసి దాన్ని తెల్లబరుస్తుంది. ఆ హెచ్చరిక ఎవరో తెలిసే రాశారు. ఉంగరానికి పనికిరానిది బుగ్గకెలా పనికొస్తుందో వారే చెప్పాలి.

అలాంటి డబ్బాలు మీ దగ్గరుంటే సింకులో పోయకండి, చెత్తలో వేయకండి. మూత బిగించి రెండు కవర్లలో కట్టి విడిగా ఉంచండి, మునిసిపాలిటీ వారు ప్రమాదకర చెత్తను తీసుకునే చోటికి పంపుదాం. ఇప్పుడు మీ సంచుల్లోని ట్యూబులు బయటికి తీయండి. కళ్లద్దాలు తెచ్చుకోనివారికి నా భూతద్దం ఇస్తాను. వెనక వైపు చిన్న అక్షరాల్లో 'సోన్' అనో 'సాల్' అనో ముగిసే స్టెరాయిడ్ పేరుందేమో చూడండి. మొదటి వరుస నుంచి మొదలుపెడదాం.