వాడని కానుక ఎవరిది?

శ్రోతలకు నమస్కారం.

ఆఫీసులో ఒకాయన ఇచ్చిన టేబుల్ ల్యాంప్ ఏడాదిగా పెట్టె విప్పకుండా మీ అలమరలో ఉందనుకోండి. మీకు దాని అవసరం లేదు. రాత్రుళ్లు కూర్చుని చదువుకునే మీ స్నేహితురాలికి మాత్రం బాగా పనికొస్తుంది. ఆమె పుట్టినరోజు కూడా దగ్గర పడింది. ఇచ్చేద్దామని చెయ్యి చాచేసరికి "ఆయనకు తెలిస్తే ఏమనుకుంటాడో" అని టెన్షన్.

ఆ టెన్షన్‌లో నిజమెంతో గాబ్రియెల్ ఆడమ్స్, ఫ్రాన్సిస్ ఫ్లిన్, మైఖేల్ నార్టన్ అనే పరిశోధకులు పరీక్షించి చూశారు. వాళ్ల వ్యాసం 2012లో 'సైకలాజికల్ సైన్స్' పత్రికలో వచ్చింది. కానుకను వేరొకరికి ఇచ్చేస్తే, ఇచ్చినవాళ్లు బాగా నొచ్చుకుంటారని పుచ్చుకున్నవాళ్లు ఊహించుకున్నారు. ఇచ్చినవాళ్లనే అడిగితే అంత బాధేమీ కనిపించలేదు. ఒకసారి చేతులు మారాక అది పుచ్చుకున్నవాళ్ల వస్తువు, వాళ్లిష్టం అన్నది ఇచ్చినవాళ్ల లెక్క. పుచ్చుకున్నవాళ్లేమో ఇచ్చినవాళ్లకు దాని మీద ఇంకా హక్కుందనుకుంటారు. ఇంకో విచిత్రం, కానుకను చెత్తబుట్టలో వేయడమూ ఇంకొకరికి ఇవ్వడమూ ఒకే తప్పని పుచ్చుకున్నవాళ్లు భావిస్తే, పారేయడమే చాలా ఎక్కువ బాధిస్తుందని ఇచ్చినవాళ్లు అన్నారు.

అలాగని అన్ని కానుకలకూ ఇదే మాట చెల్లదు. మీ కోసమే స్వయంగా అల్లిన స్వెటర్, పెద్దవాళ్ల నుంచి వచ్చిన వస్తువు అలాంటివి కావు. వాటిని ఇవ్వాలనుకుంటే ముందు ఇచ్చినవాళ్లను అడగడమే మర్యాద.

నా ఉద్దేశంలో అసలు చిక్కు ల్యాంప్ ఇచ్చినాయనతో కాదు, కొత్తగా పుచ్చుకునే స్నేహితురాలితో. ఇదే ల్యాంప్ షాపులో కనిపిస్తే ఆమె కోసం కొనేవారా? కొనేవారైతే నిశ్చింతగా ఇవ్వండి. ఇల్లు ఖాళీ అవుతుందనో, ఖర్చు తప్పుతుందనో మాత్రమే అయితే అది కానుక కాదు, మీ బరువు ఆమె నెత్తిన పెట్టడం. "నీ కోసం షాపులన్నీ తిరిగాను" అని కథలు చెప్పకండి. "నా దగ్గర ఊరికే పడి ఉంది, నీకైతే పనికొస్తుందనిపించింది" అంటే చాలు. పుట్టినరోజున ఆ మాట అనడానికి మొహమాటమైతే, ల్యాంప్ మామూలు రోజున ఇచ్చి, పుట్టినరోజుకు వేరేది చూసుకోండి.

ఇచ్చేముందు పెట్టె విప్పి చూడటం తప్పనిసరి. మీ పేరు రాసిన శుభాకాంక్షల కార్డు లోపలే ఉండిపోయి గుట్టు రట్టవడం మామూలే. అలాగే ల్యాంప్ వెలుగుతోందో లేదో చూడండి. ఆయనా ఆమే ఒకే ఆఫీసువాళ్లయితే, ఆ వస్తువు ఎప్పుడో ఒకప్పుడు ఆయన కంట పడుతుంది. అలాంటిచోట ఆయనకు ముందే చెప్పడానికి మీరు సిద్ధంగా లేకపోతే వేరేవాళ్లకు ఇవ్వడం మేలు.

ఇక ఆయనే ఎప్పుడైనా "ల్యాంప్ ఎలా ఉంది?" అని అడగవచ్చు. అప్పుడు "రోజూ వాడుతున్నానండీ" అని బొంకితే, తర్వాత నిజం తెలిసినప్పుడు ఆయన్ని నొప్పించేది ల్యాంప్ చేతులు మారడం కాదు, ఆ అబద్ధం. "నాకు అంతగా అవసరం పడలేదండీ, చదువుకునే స్నేహితురాలికి ఇచ్చాను, తను రోజూ వాడుతోంది" అని ఉన్నమాట చెప్పేయండి.

సెలవు.