విత్తనకాయల మెసేజ్: రైతు కంటికి దొరికేలా రాయడం

అందరికీ నమస్కారం. ఇక్కడ కూర్చున్నవాళ్ళంతా అనంతపురం జిల్లాలో ఏదో ఒక ఊరి రైతుల వాట్సాప్ గ్రూపు చూసుకునేవాళ్ళే. కాబట్టి ఈ పూట ఒక్క మెసేజ్‌నే పట్టుకుందాం: ఖరీఫ్‌కు ముందు వచ్చే సబ్సిడీ విత్తనకాయల పంపిణీ మెసేజ్. అది పొడుగ్గా ఉంటుంది. తప్పు చదివినవాళ్ళకు ఒక పూట పని పోతుంది. గ్రూపులో పెట్టీ పెట్టగానే “అన్నా, మా ఊరికి ఎప్పుడు?” అని అడగడం మొదలవుతుంది. జవాబు ఆ మెసేజ్‌లోనే ఉంటుంది, కంటికి దొరకదు, అంతే.

మామూలుగా అది వచ్చే తీరు ఇదీ. ఊర్లు, తేదీలు ఉదాహరణ కోసం పెట్టినవి.

```
రైతు సోదరులందరికీ తెలియజేయునది ఏమనగా వేరుశనగ విత్తనకాయల పంపిణీ 20వ తేదీ సోమవారం నుండి ప్రారంభమగును కావున ఎగువపల్లె రైతులు సోమవారం ఉదయం 9 గంటలకు దిగువపల్లె రైతులు సోమవారం మధ్యాహ్నం 2 గంటలకు కొత్తతండా రైతులు మంగళవారం ఉదయం 9 గంటలకు ఆధార్ కార్డు పట్టాదారు పాసుపుస్తకం ఆధార్‌కు లింకైన ఫోన్ తీసుకుని రైతు సేవా కేంద్రం వద్దకు రావలెను వేలిముద్ర వేయవలసి ఉన్నందున పాసుపుస్తకంలో పేరున్న రైతు స్వయంగా రావలెను
```

ఇందులో అబద్ధం లేదు, మరిచిపోయిందీ లేదు. కానీ కొత్తతండా రైతుకు కావలసింది ఒక్క ముక్క. దానికోసం ఆయన మొదటినుంచీ చదువుకుంటూ రావాలి, మధ్యలో రెండు ఊర్ల సమయాలు దాటాలి. ఎండలో నిలబడి, ఫోన్‌లో అక్షరాలు పెద్దవి చేసుకుని చదివే మనిషికి ఆ పేరా తెర నిండా గోడలా నిలబడుతుంది. చాలామంది “సోమవారం ఉదయం 9” దగ్గరే ఆగిపోతారు, ఎందుకంటే కంటికి తగిలే మొదటి సమయం అదే. తండావాళ్ళు ఒకరోజు ముందే వచ్చి క్యూలో నిలబడడానికి కారణం వాళ్ళ అజాగ్రత్త కాదు, ఆ మెసేజ్ ఆకారం.

ముందు మొదటి లైను సంగతి చూద్దాం. ఫోన్‌లో గ్రూపు తెరవకముందే, చాట్‌ల పట్టికలో గ్రూపు పేరు కింద మెసేజ్ మొదలు కొంచెం కనిపిస్తుంది. నోటిఫికేషన్‌లోనూ అంతే. అక్కడ “రైతు సోదరులందరికీ తెలియజేయునది ఏమనగా” అని ఉంటే, ఆ కొద్ది చోటు మర్యాదకే అయిపోయింది. అక్కడ ఉండాల్సింది విషయం, తేదీ: “విత్తనకాయలు: 20, సోమవారం నుంచి”. నమస్కారం పెట్టాలనిపిస్తే రెండో లైనులో పెట్టండి, ఎవరూ ఏమీ అనుకోరు. మెసేజ్ మరీ పొడుగైతే వాట్సాప్ మిగతాదాన్ని Read more వెనక దాచేస్తుంది. అది నొక్కనివాళ్ళు ఉంటారు. కాబట్టి ఊర్ల సమయాలు పైన, కారణాలూ వివరాలూ కింద.

ఇక లైన్లు విడగొట్టడం. ముందుగా దాన్ని టైపు చేయడమే కొందరికి ఇబ్బంది: ఎంటర్ కొడితే మెసేజ్ వెళ్ళిపోతుంది. ఆండ్రాయిడ్ ఫోన్‌లో వాట్సాప్ సెట్టింగ్స్‌లో Chats లోకి వెళ్ళి Enter is send ఆపేయండి, అప్పుడు ఎంటర్ కొత్త లైను ఇస్తుంది. కంప్యూటర్‌లో వాట్సాప్ వెబ్ వాడేవాళ్ళు షిఫ్ట్ పట్టుకుని ఎంటర్ కొట్టాలి.

ఎక్కడ విడగొట్టాలి? ప్రశ్న మారినచోట. “ఎప్పుడు రావాలి” ఒక ప్రశ్న, “ఏం తేవాలి” ఇంకొకటి, “ఎవరు రావాలి” మూడోది. ఒక్కో ప్రశ్నకు ఒక్కో ముక్క, ముక్కకూ ముక్కకూ మధ్య ఒక ఖాళీ లైను. ఒక్కటే. ఒకే ముక్కలో ఉన్న లైన్ల మధ్య ఖాళీ వదలకండి, వదిలితే ఏది దేనికి చెందిందో తెలియకుండా అన్నీ విడివిడిగా తేలిపోతాయి.

ఇంకో చిక్కు పీడీఎఫ్ నుంచి కాపీ చేసినప్పుడు వస్తుంది. కాగితం వెడల్పుకు తగ్గట్టు ప్రతి లైను చివరా ఒక విరుపు కూడా దాంతోపాటే వచ్చేస్తుంది. ఫోన్ తెర సన్నగా ఉంటుంది కాబట్టి ఒక నిండు లైను, దానికింద రెండు మాటల ముక్క, మళ్ళీ నిండు లైను, ఇలా పళ్ళూడినట్టు కనిపిస్తుంది. అలా కనిపిస్తే వాక్యం మధ్యలో ఉన్న విరుపులు ఒక్కొక్కటీ చెరిపేయాల్సిందే. పది లైన్ల మెసేజ్ అయితే మళ్ళీ టైపు చేయడమే త్వరగా తెములుతుంది.

ఇప్పుడు బోల్డ్. తెలుగులో ఇంగ్లీషులోలాగా పెద్దక్షరాలూ చిన్నక్షరాలూ లేవు, కాబట్టి ఒక మాట ఎత్తి చూపడానికి చేతిలో ఉన్నది దాదాపు ఇదొక్కటే. అందుకే దాన్ని దుబారా చేయకూడదు. మెసేజ్ మొత్తం బోల్డ్ చేసి పంపేవాళ్ళున్నారు, ముఖ్యమైనదని. అన్నీ లావైతే ఏదీ లావు కాదు. పైగా తెలుగు అక్షరం లావెక్కితే ఒత్తుల దగ్గర సందులు పూడుకుపోతాయి. “పాసుపుస్తకం”లోని “స్త” చిన్న తెర మీద బోల్డ్‌లో చూడండి, కింది ఒత్తు ముద్దగా కనిపిస్తుంది. ఒక మాటకైతే ఫరవాలేదు, పేరా అంతా అలా ఉంటే కళ్ళు లాగేస్తాయి. వాలు అక్షరాల జోలికైతే అసలు పోకండి. తెలుగు లిపిలో ఆ అలవాటు లేదు, అక్షరాలు పక్కకు పడిపోతున్నట్టుంటాయి.

వాట్సాప్‌లో బోల్డ్ కావాలంటే మాటకు ముందొక స్టార్, వెనకొక స్టార్. తెలుగు కీబోర్డులో ?123 నొక్కితే స్టార్ దొరుకుతుంది. తప్పులు జరిగేవి మూడు చోట్ల. మొదటిది, స్టార్‌కూ అక్షరానికీ మధ్య ఖాళీ వదలడం. అప్పుడు బోల్డ్ కాదు. లైను మొదట్లో స్టార్ పెట్టి ఖాళీ వదిలితే ఇంకో వింత: వాట్సాప్ 2024లో జాబితాలు తెచ్చినప్పటినుంచీ దాన్ని చుక్క జాబితాగా తీసుకుంటుంది. మీకు బోల్డ్ రాదు, ముందొక చుక్క, చివర ఒంటరి స్టార్ మిగులుతాయి. ఆ రెండూ కనిపించాయంటే ఖాళీ వదిలేశారని అర్థం. రెండోది, ఒక స్టార్ పై లైనులో పెట్టి, మూసే స్టార్ రెండు లైన్ల కింద పెట్టడం. అది పనిచేయదు, ఏ లైనుకు ఆ లైను తెరిచి మూయాలి. మూడోది మన తెలుగుకే ప్రత్యేకం, విభక్తులు. “సోమవారం” వరకూ స్టార్లు పెట్టి “నాడు” బయట అంటించకండి. ప్రత్యయాన్ని కూడా స్టార్ల లోపలికే తీసుకోండి. మూసే స్టార్ తర్వాత ఖాళీయో, కామానో, చుక్కో ఉంటే ఏ గొడవా ఉండదు.

ఊర్ల లైన్లలో బోల్డ్ దేనికి పెట్టాలి, ఊరికా, సమయానికా? సమయమే ముఖ్యం కదా అని దానికే పెడతారు. నేనైతే ఊరి పేరుకే పెట్టమంటాను. రైతు వెతికేది తన ఊరిని. అది దొరికితే సమయం పక్కనే ఉంటుంది. సమయాలకు బోల్డ్ పెడితే 9, 2, మళ్ళీ 9 కొట్టొచ్చినట్టు కనిపిస్తాయి, కానీ ఏ 9 తనదో తెలియదు. రెండింటికీ పెడితే మళ్ళీ మొదటికే వస్తాం.

జాబితా కావాలంటే లైను మొదట్లో చిన్న గీత, తర్వాత ఒక ఖాళీ, తర్వాత మాట. అంకెలు కావాలంటే 1, చుక్క, ఖాళీ. ఏది ఎక్కడ అన్నదానికి గుర్తు ఒకటే: వరుస మారితే పని చెడుతుందా? కేంద్రంలో ముందు టోకెన్, తర్వాత వేలిముద్ర, ఆ తర్వాత డబ్బు కట్టడం, చివర సంచులు అని ఉంటే అంకెలు పెట్టండి. తెచ్చుకోవాల్సిన కాగితాలకు గీతలు చాలు. ఊర్ల జాబితాకు మాత్రం అంకెలు పెట్టకండి. “మా ఊరు మూడో నంబరా, ఎందుకు?” అన్న మాట పుడుతుంది, అది తేలేసరికి విత్తనం పోసే అదును కూడా దాటిపోతుంది. అదీగాక “2. దిగువపల్లె, 2 గంటలకు” అంటే ఏ రెండు దేనిదో చూసుకోవాలి.

జాబితా పొట్టిగా ఉంటేనే జాబితా. ఒక్కో అంశం ఫోన్‌లో ఒక లైను, మహా అయితే రెండో లైనులో కొంచెం. ఏడెనిమిది ఊర్లు దాటితే రోజువారీగా విడగొట్టండి, సోమవారం కింద నాలుగు, మంగళవారం కింద నాలుగు. ఖాళీలు కొట్టి పట్టికలాగా నిలువు వరుసలు సర్దే పని పెట్టుకోవద్దు. తెలుగు అక్షరాల వెడల్పు ఒక్కోటి ఒక్కో రకం. మీ ఫోన్‌లో సరిగ్గా నిలబడింది పక్కవాళ్ళ ఫోన్‌లో చెదిరిపోతుంది.

పై మెసేజ్ ఇలా తయారవుతుంది:

```
*విత్తనకాయలు: 20, సోమవారం నుంచి*
రైతు సేవా కేంద్రం దగ్గర

ఎప్పుడు రావాలి:
- *ఎగువపల్లె*: సోమవారం ఉదయం 9
- *దిగువపల్లె*: సోమవారం మధ్యాహ్నం 2
- *కొత్తతండా*: మంగళవారం ఉదయం 9

ఏం తేవాలి:
- ఆధార్ కార్డు
- పట్టాదారు పాసుపుస్తకం
- ఆధార్‌కు లింకైన ఫోన్

వేలిముద్ర వేయాలి కాబట్టి *పాసుపుస్తకంలో పేరున్న రైతే రావాలి*.
```

చివరి వాక్యాన్ని జాబితాలో కలపలేదు, గమనించండి. అది కారణంతో కూడిన షరతు. దాన్ని గీతల కింద నాలుగో అంశంగా పడేస్తే తెచ్చుకోవాల్సిన వస్తువుల్లో కలిసిపోతుంది, కొడుకుచేత కాగితాలు పంపి తండ్రి ఇంట్లో ఉండిపోతాడు. విడిగా నిలబెట్టి, కారణం చెప్పి, షరతుకు మాత్రం బోల్డ్ పెట్టాం.

లారీ రాలేదు, తండా రోజు బుధవారానికి మారింది అనుకోండి. పంపిన 15 నిమిషాల లోపైతే మెసేజ్‌ను ఎడిట్ చేయొచ్చు, కానీ అప్పటికే చదివేసినవాళ్ళు మళ్ళీ తెరిచి చూడరు. కాబట్టి మార్పు ఎప్పుడైనా కొత్త మెసేజ్‌గానే పంపండి. అందులో పాత రోజును రెండు టిల్డే గుర్తుల మధ్య పెడితే కొట్టివేసినట్టు పడుతుంది, పక్కనే కొత్త రోజు బోల్డ్‌లో:

```
*కొత్తతండా రోజు మారింది*
~మంగళవారం~ *బుధవారం* ఉదయం 9
మిగతా ఊర్లకు మార్పు లేదు.
```

ఆ చివరి లైను లేకపోతే మిగతా రెండు ఊర్లవాళ్ళూ ఫోన్ చేస్తారు. గ్రూపులో పాత మెసేజ్ పిన్ చేసి ఉంటే దాన్ని తీసేసి, మార్పు కలిపి రాసిన పూర్తి మెసేజ్‌ను పిన్ చేయండి. ఏడు రోజులు పెడితే పంపిణీ అయ్యేదాకా పైనే ఉంటుంది.

వాట్సాప్ లేనివాళ్ళకు ఇదే మెసేజ్‌ను కాపీ చేసి ఎస్సెమ్మెస్‌గా పంపుతుంటారు. అక్కడ బోల్డ్ ఉండదు, స్టార్లు స్టార్లుగానే కనిపిస్తాయి, ముందే తీసేయండి. తెలుగు ఎస్సెమ్మెస్ ఒకదానికి 70 గుర్తులే పడతాయి, గుణింతం, పొల్లు, ఒత్తు అన్నీ విడివిడిగా లెక్క. “విత్తనకాయలు” చూడడానికి ఆరు అక్షరాలు, లెక్కకు 11. అందుకని ఎస్సెమ్మెస్‌లో మొత్తం జాబితా ఇరికించకుండా, ఏ ఊరివాళ్ళకు ఆ ఊరి రోజు, సమయం మాత్రం రాసి పంపండి. కాగితాల వివరం రెండో మెసేజ్‌లో వెళ్తుంది.