హోటల్‌లో కస్టమర్ జారిపడితే బీమా కంపెనీకి ఏమని రాయాలి? – ఫోన్-ఇన్ కార్యక్రమం

వ్యాఖ్యాత: శ్రోతలకు నమస్కారం. బయటివారికి హాని జరిగితే ఇవ్వాల్సి వచ్చే పరిహారం కోసం హోటళ్లు నడిపేవారు తీసుకునే పబ్లిక్ లయబిలిటీ పాలసీ గురించి ఈ రోజు మాట్లాడుకుంటున్నాము. బీమా కేసులు చూసే న్యాయవాది గారు మనతో ఉన్నారు. మొదటి కాల్ కాకినాడ నుంచి వస్తోంది. చెప్పండి.

కాకినాడ శ్రోత: నమస్కారమండీ. మాది భోజన హోటల్. మొన్న ఆదివారం రాత్రి కుటుంబంతో వచ్చిన ఒక పెద్దావిడ చేతులు కడుక్కునే చోట జారి పడ్డారు. ఆటోలో ఆస్పత్రికి మేమే పంపించాము. మణికట్టు ఎముక విరిగిందని మర్నాడు వాళ్ల అబ్బాయి ఫోన్ చేసి చెప్పారు. ఆయన ఇంతవరకు డబ్బు అడగలేదు, గొడవ పడలేదు. మా పాలసీ గడువేమో ఈ నెలాఖరుకు తీరిపోతుంది. ఎవరూ ఏమీ అడగనప్పుడు కంపెనీకి రాయాలా, లేక వాళ్లు అడిగేదాకా ఆగాలా అన్నది తేల్చుకోలేకపోతున్నాను.

న్యాయవాది: ఈ రోజే రాయండి. పరిహారం అడిగినప్పుడే కాదు, ముందు ముందు అడగడానికి దారితీసే సంఘటన జరిగినప్పుడు కూడా వీలైనంత త్వరగా రాతపూర్వకంగా తెలియజేయాలని ఈ పాలసీల షరతుల్లో ఉంటుంది. ఈ పాలసీలు సాధారణంగా క్లెయిము ఎప్పుడు వచ్చిందన్న దాని మీద నడుస్తాయి కాబట్టి, ఆవిడ మూడు నెలల తర్వాత నోటీసు పంపితే, అప్పటికి ఈ పాలసీ ఉండదు. గడువులోగా సంఘటనను తెలియజేసి, కంపెనీ దానిని స్వీకరించి ఉంటే, తర్వాత వచ్చే క్లెయిమును ఈ గడువులోనే వచ్చినట్లుగా చూసే నిబంధన చాలా పాలసీల్లో ఉంటుంది. మీ పాలసీలో ఆ నిబంధన ఉందో లేదో చూడండి. ఏజెంటుకు ఫోన్‌లో చెప్పాము కదా అని ఊరుకోవద్దు. పాలసీలో ఇచ్చిన చిరునామాకు ఉత్తరం, ఈమెయిల్ రెండూ పంపి, అందినట్లు రసీదు తీసుకోండి.

కాకినాడ శ్రోత: ఉత్తరం రాసి పెట్టానండి. చదవమంటారా? "ఆదివారం రాత్రి మా హోటల్‌లో నీళ్లు సరిగా తుడవకపోవడం వల్ల ఒక కస్టమర్ జారిపడి చెయ్యి విరిగింది. మా సిబ్బంది అజాగ్రత్తకు చింతిస్తున్నాము. ఆస్పత్రి ఖర్చు మేము భరిస్తామని వారికి మాట ఇస్తున్నాము."

న్యాయవాది: దయచేసి దానిని పంపకండి. కంపెనీ రాతపూర్వక అనుమతి లేకుండా తప్పు ఒప్పుకోకూడదు, డబ్బు ఇస్తామని చెప్పకూడదు, ఇవ్వకూడదు, మాట ఇవ్వకూడదు అని ఈ పాలసీల్లో షరతు ఉంటుంది. మీ మూడు వాక్యాల్లో ఆ షరతుకు విరుద్ధమైనవన్నీ ఉన్నాయి. అన్నిటికన్నా ముందు, "తుడవకపోవడం వల్ల" అన్న మాటను చూడండి. ఆవిడ పడినప్పుడు మీరు అక్కడ ఉన్నారా?

కాకినాడ శ్రోత: లేనండి, నేను గల్లాపెట్టె దగ్గర ఉన్నాను. మా కుర్రాడు చెప్పాడు.

న్యాయవాది: అతను ఆవిడ పడుతుండగా చూశాడా, పడ్డాక వచ్చాడా?

కాకినాడ శ్రోత: పడ్డాక లేపాడండి. నేల తడిగా ఉందన్నాడు.

న్యాయవాది: మరి పడడానికి కారణం మీకెలా తెలుసు? నేల తడి కావచ్చు, చెప్పు జారి ఉండవచ్చు, ఆవిడకు కళ్లు తిరిగి ఉండవచ్చు. కారణం తేల్చడం మీ ఉత్తరం పని కాదు. చూసినది చూసినట్లు, విన్నది ఎవరు చెప్పారో చెప్పి రాయండి. నేను చెప్తాను, రాసుకోండి. "ఫలానా తేదీన రాత్రి సుమారు ఇన్ని గంటలకు, చేతులు కడుక్కునే సింకు సమీపంలో ఒక మహిళా కస్టమర్ కింద పడినట్లు మా సిబ్బందిలో ఒకరు మాకు తెలిపారు. ఆమె పడుతుండగా తాను చూడలేదని, తాను వెళ్లేసరికి నేల తడిగా ఉందని అతను చెప్పారు. మణికట్టు ఎముక విరిగినట్లు వైద్యులు చెప్పారని ఆమె కుమారుడు మరునాడు ఫోన్‌లో తెలిపారు. ఇప్పటివరకు మాకు ఎలాంటి క్లెయిము గాని, నోటీసు గాని అందలేదు. పాలసీ షరతుల ప్రకారం ఈ సమాచారం ఇస్తున్నాము. దీనిని బాధ్యతను అంగీకరించినట్లుగా భావించరాదు." పైన పాలసీ నంబరు, కింద సీసీటీవీ దృశ్యాలు భద్రపరిచామన్న మాట, మీ ఫోన్ నంబరు ఉంటే చాలు.

కాకినాడ శ్రోత: నేల తడిగా ఉందన్న మాట కూడా రాయాలా? అది మనకే చుట్టుకుంటుంది కదండీ?

న్యాయవాది: తప్పకుండా రాయాలి. తప్పు ఒప్పుకోకపోవడం వేరు, నిజం దాచడం వేరు. కంపెనీ దగ్గర దాస్తే రేపు ఆ కుర్రాడు వాంగ్మూలంలో చెప్పినప్పుడు మీ క్లెయిమే చిక్కులో పడుతుంది. అతను చూసింది మీరు రాస్తున్నారు, అంతే. దాని వల్లనే పడ్డారని మాత్రం రాయడం లేదు. సీసీటీవీ రికార్డు కొన్నాళ్లకు పాతదాని మీద కొత్తది పడి చెరిగిపోతుంది కాబట్టి, ఆ రాత్రి దృశ్యాలను ఈ రోజే వేరుగా కాపీ చేసి ఉంచండి. ఆ చోటు ఫోటోలు తీసిన తర్వాత జారని మ్యాటు వేసుకోండి. మరొకరు పడకుండా చూసుకోవడానికి అనుమతి అక్కర్లేదు.

కాకినాడ శ్రోత: సరేనండి. కాని ఆస్పత్రి ఖర్చు సంగతి మళ్లీ అడుగుతున్నాను. పెద్దావిడ, మా హోటల్‌కు పాత కస్టమరు. ఇరవై రెండు వేలు అయిందట. ఏమీ పట్టనట్లు ఊరుకోవడం మనసుకు కష్టంగా ఉందండి.

న్యాయవాది: మీ బాధ నాకు అర్థమైంది. ఇంటికి వెళ్లి పలకరించండి, పండ్లు పట్టుకెళ్లండి, త్వరగా కోలుకోవాలని చెప్పండి. అది ఒప్పుకోలు కాదు. "తప్పంతా మాదే, ఖర్చు మేము చూసుకుంటాము" అని మాత్రం నోటితో గాని, వాట్సాప్‌లో గాని అనకండి. ఆ ఖర్చు ఇవ్వాలని ఉంటే ఉత్తరం చివర మరో వాక్యం చేర్చండి: "బాధ్యతతో నిమిత్తం లేకుండా, మానవతా దృష్టితో ఆమె వైద్య ఖర్చులో కొంత చెల్లించడానికి మీ రాతపూర్వక అనుమతి కోరుతున్నాము." అనుమతి వచ్చాకే ఇవ్వండి. పాలసీ షెడ్యూలులో ఎక్సెస్ ఎంత ఉందో కూడా చూసుకోండి. అంత మేరకు ఎలాగూ మీ చేతి నుంచే పోతుంది. అయినా ఆ సొమ్ము కూడా అనుమతి లేకుండా ఇవ్వవద్దు.

కాకినాడ శ్రోత: అంటే అనుమతి వచ్చేదాకా పైసా ఇవ్వకూడదన్న మాటేనా?

న్యాయవాది: ఇవ్వకూడదు. రెండోసారి అడిగినా నా జవాబు అదేనండి.

వ్యాఖ్యాత: ధన్యవాదాలు. కరీంనగర్ నుంచి మరొక శ్రోత.

కరీంనగర్ శ్రోత: సార్, మా దగ్గర వంటమనిషి మీద వేడి నూనె పడింది. ఇదే పాలసీ కింద రాయవచ్చా?

న్యాయవాది: ఇది బయటివారికి జరిగే హాని కోసం ఉన్న పాలసీ. పనివారికి ఉద్యోగుల పరిహార పాలసీ వేరుగా ఉంటుంది. అది ఉంటే ఆ కంపెనీకి వెంటనే రాయండి.

వ్యాఖ్యాత: తర్వాతి కాల్ గుంటూరు నుంచి. సమయం తక్కువగా ఉంది, క్లుప్తంగా అడగండి.

గుంటూరు శ్రోత: నమస్తే అండి. మాకు వినియోగదారుల కమిషన్ నుంచే నోటీసు వచ్చి పది రోజులైంది. వేడి సాంబారు పడి పిల్లవాడికి కాలిందని కేసు వేశారు. జవాబు నేనే రాసి పంపవచ్చా?

న్యాయవాది: పంపవద్దమ్మా. ముందుగా నోటీసు, ఫిర్యాదు ప్రతులు, అవి వచ్చిన కవరుతో సహా ఈ సాయంత్రమే కంపెనీకి పంపండి. కేసును ఎవరు వాదించాలో నిర్ణయించే హక్కు పాలసీ ప్రకారం కంపెనీకి ఉంటుంది. జవాబు దాఖలుకు 30 రోజులు ఉంటాయి, కమిషన్ మరో 15 రోజులు పొడిగించవచ్చు. 45 రోజులు దాటితే జవాబు తీసుకునే అధికారం కమిషన్‌కు లేదని 2020లో సుప్రీంకోర్టు రాజ్యాంగ ధర్మాసనం తేల్చింది. మీకు పది రోజులు ఇప్పటికే గడిచిపోయాయి. కంపెనీ న్యాయవాదిని పెడుతోందో లేదో రాతపూర్వకంగా చెప్పమని ఉత్తరంలోనే అడిగి, చివరి తేదీ ఏదో అందులో స్పష్టంగా రాయండి. వారి నుంచి ఉలుకూ పలుకూ లేకపోతే గడువు తీరకముందే మీ న్యాయవాదితో జవాబు వేయించండి.

గుంటూరు శ్రోత: ఆలస్యంగా చెప్పామని కంపెనీ తిరస్కరిస్తుందా అండి?

న్యాయవాది: ఆలస్యమన్న ఒక్క కారణంతో నిజమైన క్లెయిమును తోసిపుచ్చవద్దని బీమా నియంత్రణ సంస్థ 2011లోనే కంపెనీలకు చెప్పింది. ఆలస్యానికి కారణం ఉన్నదున్నట్లు రాయండి. అంతేగాని, పిల్లవాడి తల్లిదండ్రులతో మాట్లాడి రాజీ చేసుకున్నాక కంపెనీకి చెప్పకండి.

వ్యాఖ్యాత: ధన్యవాదాలండి. సమయం అయిపోయింది. లైనులో ఉన్న శ్రోతలు వచ్చే వారం మళ్లీ ప్రయత్నించగలరు.