పెట్టె మీద అచ్చు వేయని సంఖ్య: ఎన్100 మినీ పీసీ, దాని రీఆర్డర్ బఫర్

నమస్కారం. హనుమకొండలోని నా గదిలో, ఈ బల్ల మీద మీకు రెండు కంప్యూటర్లు కనిపిస్తున్నాయి. ఎడమ వైపున ఉన్న చిన్న డబ్బా ఇంటెల్ ఎన్100 ప్రాసెసర్‌తో వచ్చిన మినీ పీసీ. మా ఊరి దుకాణదారు ఒకరు రెండు వారాలు వాడి చూడమని దీన్ని ఉచితంగా ఇచ్చారు; వీడియో పూర్తయ్యాక తిరిగి ఇచ్చేయాలి. కుడి వైపున ఉన్నది నేను ఇంజనీరింగ్ చదివే రోజుల్లో కొన్న నెట్‌బుక్, దాని లోపల 2008లో వచ్చిన ఆటమ్ ఎన్270 ఉంది. ర్యామ్, పోర్టులు, ధర వంటి వివరాలు మీరు ఇప్పటికే వేరే చోట చూసి ఉంటారు కాబట్టి వాటిని నేను చదవను.

నా అభ్యంతరం ఒక్కటే. ఈ మినీ పీసీ పెట్టె మీద నాలుగు కోర్లు, 3.4 గిగాహెర్ట్జ్ అని పెద్ద అక్షరాలతో అచ్చు వేశారు. ఈ రెండు యంత్రాలకు మధ్య ఉన్న అసలు తేడాను చెప్పే సంఖ్య మాత్రం ఆ పెట్టె మీద ఎక్కడా లేదు. ఆ సంఖ్య 256. ఈ ప్రాసెసర్‌లోని గ్రేస్‌మాంట్ కోర్‌కు, వరుస తప్పి ముందే పూర్తయిన పనుల ఫలితాలను వాటి వంతు వచ్చేదాకా నిలిపి ఉంచే రీఆర్డర్ బఫర్ ఉంది; అందులో అన్ని గడులు ఉంటాయి. నా పాత నెట్‌బుక్‌లో రీఆర్డర్ బఫరే లేదు, ఎందుకంటే విద్యుత్తు ఆదా కోసం ఆ ప్రాసెసర్‌ను ప్రోగ్రాంలో రాసిన వరుసలోనే పని చేసేలా తయారు చేశారు. ఈ వీడియోలో ఎక్కువ సమయం ఆ 256 గడులు చేసే పనికే కేటాయిస్తున్నాను.

తెర మీద నాలుగు ఇన్‌స్ట్రక్షన్లు చూడండి.

```
1: mov  rax, [rdi]
2: lea  rdx, [rax+5]
3: imul rbx, rcx
4: lea  rax, [rbx+1]
```

మొదటిది మెమరీ నుంచి ఒక విలువను, ప్రాసెసర్ లోపలే ఉండే చిన్న నిల్వ స్థానమైన `rax` అనే రిజిస్టర్‌లోకి తెస్తుంది. అక్కడ 7 ఉందనుకుందాం. రెండోది దానికి 5 కలిపి `rdx` లో పెడుతుంది. మూడోది `rbx` ను `rcx` తో గుణించి, వచ్చిన ఫలితాన్ని తిరిగి `rbx` లోనే ఉంచుతుంది. వాటిలో 6, 4 ఉన్నాయనుకుందాం. నాలుగోది ఆ లబ్ధానికి ఒకటి కలిపి మళ్ళీ `rax` లో పెడుతుంది. అన్నీ సవ్యంగా జరిగితే చివరకు `rdx` లో 12, `rbx` లో 24, `rax` లో 25 ఉండాలి.

మొదటి ఇన్‌స్ట్రక్షన్‌కు కావలసిన విలువ క్యాష్‌లో దొరకలేదని, దాన్ని ర్యామ్ నుంచి తేవడానికి 100 క్లాక్ సైకిళ్ళు పడతాయని అనుకుందాం. పాత నెట్‌బుక్ 32 బిట్ల యంత్రం కాబట్టి అందులో `rax` బదులు `eax` వంటి పేర్లతో ఇదే కోడ్ రాయాలి; అలా రాసినా అది రెండో ఇన్‌స్ట్రక్షన్ దగ్గర ఆగిపోతుంది, ఎందుకంటే దానికి కావలసిన మొదటిదాని విలువ ఇంకా రాలేదు. మూడోదానికి ఆ విలువతో ఏ సంబంధమూ లేకపోయినా అది కూడా వెనుకే నిలబడుతుంది. కాజీపేట మీదుగా తరచూ ప్రయాణించేవారికి ఇది తెలిసిన సంగతే: గూడ్సు బండిని లూప్ లైనులోకి మళ్ళించే వీలు లేకపోతే వెనుక వచ్చే ఎక్స్‌ప్రెస్ కూడా దాని వెనుకే ఆగాలి.

ఆ లూప్ లైను వంటిదే రిజర్వేషన్ స్టేషన్. ఈ పద్ధతిని ఐబీఎం సంస్థలో రాబర్ట్ టొమసులో రూపొందించి, సిస్టమ్/360 మోడల్ 91 యంత్రం గురించి 1967లో ప్రచురించిన వ్యాసంలో వివరించారు. ఆ యంత్రంలో కూడికల విభాగం ముందు మూడు, గుణకార భాగహారాల విభాగం ముందు రెండు రిజర్వేషన్ స్టేషన్లు ఉండేవి. ఒక్కో స్టేషన్‌లో చేయవలసిన పని ఏమిటో రాసి ఉంటుంది. దానికి కావలసిన విలువ సిద్ధంగా ఉంటే ఆ విలువే ఉంటుంది, లేకపోతే దాన్ని ఎవరు ఇస్తారో తెలిపే గుర్తు ఉంటుంది. ఇక్కడ కొత్తగా నేర్చుకునేవారు ఎక్కువగా పొరపడతారు: స్టేషన్ ఎదురుచూసేది `rax` అనే పేరు కోసం కాదు, ఆ విలువను తయారు చేస్తున్న ఇన్‌స్ట్రక్షన్ కోసం.

ఇప్పుడు మన నాలుగింటినీ సైకిల్‌కు ఒకటి చొప్పున లోపలికి పంపుదాం. మొదటి సైకిల్‌లో మొదటి ఇన్‌స్ట్రక్షన్ రీఆర్డర్ బఫర్‌లోని 1వ గడిని తీసుకుంటుంది, అదే సమయంలో ఒక రిజర్వేషన్ స్టేషన్‌లో చేరుతుంది. `rax` కొత్త విలువ 1వ గడి నుంచి వస్తుందని ఒక పట్టికలో నమోదవుతుంది. రెండో సైకిల్‌లో రెండో ఇన్‌స్ట్రక్షన్ 2వ గడిలో చేరి, ఆ పట్టికను చూసి, తన స్టేషన్‌లో ‘1వ గడి కోసం ఎదురుచూపు’ అని రాసుకుంటుంది. మూడో సైకిల్‌లో వచ్చిన గుణకారానికి రెండు విలువలూ సిద్ధంగా ఉన్నాయి కాబట్టి అది 4, 5, 6 సైకిళ్ళలో పూర్తయి, ఏడో సైకిల్‌లో 24 అనే ఫలితాన్ని అందరికీ ప్రకటిస్తుంది.

నాలుగో సైకిల్‌లో వచ్చిన నాలుగో ఇన్‌స్ట్రక్షన్ పట్టికలోని `rax` వరుసను మార్చి, ఇకపై ఆ పేరు 4వ గడికి చెందుతుందని రాస్తుంది. దీనివల్ల రెండో ఇన్‌స్ట్రక్షన్‌కు నష్టమేమీ లేదు, ఎందుకంటే అది తన స్టేషన్‌లో 1వ గడి అని ముందే రాసుకుంది. ఒకే `rax` పేరుతో రెండు వేర్వేరు విలువలు ఇలా కలిసిపోకుండా తిరుగుతాయి. దీన్నే రిజిస్టర్ రీనేమింగ్ అంటారు. ఎనిమిదో సైకిల్‌లో నాలుగోదాని కూడిక జరిగి, తొమ్మిదో సైకిల్‌కల్లా 25 సిద్ధమవుతుంది. మొదటిదాని విలువ వచ్చేది 102వ సైకిల్‌లో. అంటే నాలుగో ఇన్‌స్ట్రక్షన్ మొదటిదానికంటే 93 సైకిళ్ళ ముందే పని ముగించింది.

గూడ్సు బండి పోలిక ఇక్కడితో ముగిసిపోతుంది. ముందుకు దూసుకుపోయిన ఎక్స్‌ప్రెస్ గమ్యం చేరి ప్రయాణికులను దింపేయవచ్చు గానీ, ముందే పూర్తయిన ఇన్‌స్ట్రక్షన్ తన ఫలితాన్ని అసలు రిజిస్టర్‌లో రాయడానికి వీలు లేదు.

ఎందుకు వీలు లేదో చూడడానికి మొదటి ఇన్‌స్ట్రక్షన్ విఫలమైందని అనుకుందాం. `rdi` చూపించే పేజీ ఆ క్షణంలో ర్యామ్‌లో లేదు, కాబట్టి పేజ్ ఫాల్ట్ వచ్చింది. ఆపరేటింగ్ సిస్టమ్ ఆ పేజీని తెచ్చి, ప్రోగ్రాంను మళ్ళీ మొదటి ఇన్‌స్ట్రక్షన్ నుంచి నడిపిస్తుంది. రీఆర్డర్ బఫర్ లేకుండా గుణకారం తన ఫలితాన్ని నేరుగా `rbx` లో రాసి ఉంటే, అప్పటికే అక్కడ 6 స్థానంలో 24 ఉంటుంది. రెండోసారి నడిచినప్పుడు అదే గుణకారం 24ను 4తో గుణించి 96 ఇస్తుంది, `rax` లో 25కు బదులు 97 చేరుతుంది. ప్రోగ్రాం ఆగదు, ఏ హెచ్చరికా కనిపించదు, జవాబు మాత్రం తప్పు. ఒకసారి సరిగ్గా, మరోసారి తప్పుగా వచ్చే ఇటువంటి లోపం ఎక్కడుందో ప్రోగ్రాం రాసినవారు ఎంత వెతికినా వారి కోడ్‌లో దొరకదు.

రీఆర్డర్ బఫర్ ఉన్నప్పుడు 24 అనే ఫలితం 3వ గడిలోనే నిలిచి ఉంటుంది. అన్నిటికంటే ముందున్న గడి పూర్తయితేనే దాని ఫలితం అసలు రిజిస్టర్‌కు చేరుతుంది. దీన్ని కమిట్ అంటారు. సైకిల్‌కు ఒకటి కమిట్ అవుతుందనుకుంటే, మన ఉదాహరణలో మొదటిది 103వ సైకిల్‌లో, రెండోది తన కూడిక ముగించుకుని 105లో, మూడోది 106లో, నాలుగోది 107లో కమిట్ అవుతాయి. మొదటి గడిలో ఫాల్ట్ గుర్తు ఉంటే, అది ముందు వరుసకు వచ్చినప్పుడు దాని వెనుక ఉన్న గడులన్నీ తుడిచివేయబడతాయి. `rbx` లో 6 చెక్కుచెదరకుండా ఉంటుంది. మోడల్ 91లో ఈ ఏర్పాటు లేకపోవడం వల్ల కొన్ని లోపాలు సరిగ్గా ఏ ఇన్‌స్ట్రక్షన్ దగ్గర వచ్చాయో చెప్పడం సాధ్యమయ్యేది కాదు. జేమ్స్ స్మిత్, ఆండ్రూ ప్లెజ్‌కన్ 1985లో సమర్పించిన పరిశోధన పత్రంలో రీఆర్డర్ బఫర్‌ను దీనికి పరిష్కారంగా ప్రతిపాదించారు. 1995 నాటి పెంటియం ప్రోలో 40 గడుల రీఆర్డర్ బఫర్, 20 స్థానాల రిజర్వేషన్ స్టేషన్ రెండూ కలిసి పని చేశాయి. నేటి చాలా ప్రాసెసర్లు విలువలను వేరే రిజిస్టర్ల గుంపులో ఉంచి, గడుల్లో వరుస వివరాలను మాత్రమే ఉంచుతాయి. కమిట్ నియమం మాత్రం మారలేదు.

లెక్క వేసి చూసిన వీక్షకులు నన్ను నిలదీయవచ్చు. వరుసలోనే నడిచే యంత్రం కూడా ఈ నాలుగింటినీ దాదాపు అంతే సమయంలో ముగిస్తుంది కదా, ఆదా అయింది కొన్ని సైకిళ్ళే కదా అని. నిజమే. మూడోది గుణకారం కాకుండా, మెమరీ నుంచి ఇంకొక విలువను తెచ్చే ఇన్‌స్ట్రక్షన్ అయి ఉంటే అసలు లాభం కనిపిస్తుంది. నెట్‌బుక్ ఒక 100 సైకిళ్ళు ముగిశాక మరో 100 సైకిళ్ళు ఆగుతుంది. ఎన్100 రెండు అభ్యర్థనలనూ ఒకదాని వెంట ఒకటి పంపి, రెండు నిరీక్షణలనూ దాదాపు ఒకే 100 సైకిళ్ళలో ముగిస్తుంది.

256 గడులకూ హద్దు ఉంది. గ్రేస్‌మాంట్ సైకిల్‌కు గరిష్ఠంగా ఐదు ఆపరేషన్లను లోపలికి తీసుకోగలదు. ముందు వరుసలోని ఇన్‌స్ట్రక్షన్ ర్యామ్ కోసం ఆగిపోతే, ఆ వేగంతో 52 సైకిళ్ళలోపే గడులన్నీ నిండిపోతాయి. ర్యామ్‌కు 100 నానోసెకన్లు పడుతుందనుకుంటే, 3.4 గిగాహెర్ట్జ్ దగ్గర అది 340 సైకిళ్ళు. మిగిలిన దాదాపు 290 సైకిళ్ళు కొత్తగా ఎవరూ లోపలికి రాలేరు.

దీన్ని పరీక్షించడానికి నేను రెండు చిన్న ప్రోగ్రాంలు రాశాను. ఒకటి పెద్ద అర్రేలో ముందే నిర్ణయించిన యాదృచ్ఛిక స్థానాల విలువలను కూడుతుంది. రెండోది అంతే పరిమాణంలో, మెమరీ అంతటా చెదిరిన లింక్డ్ లిస్ట్‌ను నడుస్తుంది. మీరు కూడా ఇలా చూడవచ్చు:

```
perf stat -e cycles,instructions ./array
perf stat -e cycles,instructions ./chain
```

ఇన్‌స్ట్రక్షన్ల సంఖ్యను సైకిళ్ళ సంఖ్యతో భాగించండి. అర్రే ప్రోగ్రాంలో మినీ పీసీ నెట్‌బుక్‌ను చాలా వెనుకకు నెట్టేసింది. కొత్త క్యాష్, కొత్త ర్యామ్, ఎక్కువ క్లాక్ వేగం కూడా అందులో భాగస్వాములే కాబట్టి ఆ ఘనత మొత్తాన్ని 256 గడులకే కట్టబెట్టను. లింక్డ్ లిస్ట్ దగ్గర మాత్రం ఈ కొత్త యంత్రం కూడా సైకిల్‌కు ఒక ఇన్‌స్ట్రక్షన్ కంటే ఎంతో దిగువకు పడిపోయింది, ఎందుకంటే తరువాతి నోడ్ చిరునామా ఇప్పటి నోడ్ లోపలే ఉంటుంది. రిజర్వేషన్ స్టేషన్లలో ఉన్న తరువాతి లోడ్లన్నీ ముందున్న లోడ్ ప్రకటన కోసమే ఎదురుచూస్తుంటే, దాటి వెళ్ళడానికి పనికొచ్చే ఇన్‌స్ట్రక్షన్ మిగలదు.

ఇక నా తీర్పు. కోడ్ కంపైల్ చేసుకోవడానికి, చిన్న సర్వర్‌గా వాడుకోవడానికి నేను దీన్ని సంతోషంగా కొంటాను. దుకాణదారుకు తిరిగి ఇవ్వడానికి మనసు ఒప్పడం లేదని కూడా ఒప్పుకుంటున్నాను. వరంగల్ ఎండలో మధ్యాహ్నం దీని ఫ్యాన్ చేసే రొద నాకు నచ్చలేదు. పెట్టె మీద 256 అని అచ్చు వేయనందుకు మాత్రం అర మార్కు తగ్గిస్తున్నాను, పదికి ఎనిమిదిన్నర.